సాక్షి మాట మారకుండా

చరిత్ర వ్యాసంలో శాసన వాక్యం సాక్షిగా వస్తుంది. వ్యాసకర్త ఒక సంగతి చెప్పి, దానికి రుజువుగా రాతిమీదినుంచో రాగిరేకుమీదినుంచో ఒక పంక్తి ఎత్తి చూపిస్తాడు. తెలుగు పాఠకుడికి ఆ పంక్తి సగమే అర్థమైనా అది పాతదని చూడగానే తెలిసిపోతుంది. అక్షరాల పొందిక వేరు, విభక్తులు వేరు, ఇప్పుడు ఎవరూ వాడని మాటలు మధ్యలో తగులుతుంటాయి. వ్యాసాన్ని ఇంగ్లీషులోకి తెచ్చేవారికి అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వ్యాసకర్త వచనాన్ని నేటి ఇంగ్లీషులో చెబితే సరిపోతుంది. శాసన పంక్తిని కూడా అదే ఊపులో నునుపు చేసేస్తే సాక్షి గొంతు వ్యాసకర్త గొంతులో కలిసిపోతుంది. అలాగని ప్రతి అక్షరాన్నీ పట్టుకు వేలాడితే చదివేవాడు పారిపోతాడు. ఎక్కడ అక్షరాన్ని పట్టుకోవాలి, ఎక్కడ భావం చాలు అని తేల్చడానికి నాకు తెలిసిన కొలబద్ద ఒకటే: వ్యాసకర్త వాదం ఆ పంక్తిలోని ఏ భాగంమీద నిలబడింది? ఆ భాగాన్ని కదపకూడదు. మిగతాచోట్ల అనువాదకుడికి స్వేచ్ఛ ఉంది. అనువాదకుడి మాటలో ముందుగా చెప్పవలసింది కూడా ఈ లెక్కే.

కడప జిల్లా కలమళ్ల శాసనాన్నే తీసుకుందాం. రేనాటి చోళుల కాలానిది, తెలుగులో తొలి శాసనంగా పేరుపొందినది. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా రావడానికి ముందూ, వచ్చాకా భాష వయసు గురించి రాసినవాళ్లు దీన్ని తలవకుండా ఉండలేదు. మొదట్లో రాజు పేరు ఎరికల్ముత్తురాజు ధనంజయుడు అని ఉంది, ఆ వెంటనే ‘రేనాణ్డు ఏళన్’ అని ఉంది. ధనంజయుడు రేనాటిని ఏలుతుండగా అని భావం. దీన్ని ఇంగ్లీషులో ఒక చక్కని చిన్న వాక్యంగా చెప్పడం రెండు నిమిషాల పని. అయితే అలా చెప్పాక చేతిలో ఏం మిగిలింది? అదే వాక్యం సంస్కృత శాసనంలో ఉన్నా, తమిళ శాసనంలో ఉన్నా ఇంగ్లీషు అనువాదం అచ్చం అలాగే ఉంటుంది. వ్యాసం వాదమేమో ‘ఇది తెలుగు’ అన్నది. దానికి రుజువు రాజు పేరు చివరి ప్రత్యయంలోనూ, ‘ఏళన్’ అన్న క్రియారూపంలోనూ ఉంది. అనువాదం అర్థాన్ని తప్పులేకుండా చెప్పింది, రుజువును మాత్రం చెరిపేసింది.

కాబట్టి ఇలాంటి వ్యాసంలో పంక్తిని ముందు రోమన్ లిపిలో, చుక్కలూ గీతలూ ఉన్న పండిత పద్ధతిలో ఇచ్చి, దానికింద ఇంగ్లీషు అర్థం ఇవ్వాలి. ‘నాణ్డు’ను ‘నాడు’ అని సవరించకూడదు. ఆ ‘ణ్డు’లో వినిపించే ముక్కు పలుకే తర్వాతి తెలుగులో అరసున్నగా పలచబడి, చివరికి మన వాడుకలోంచి జారిపోయింది. సవరించి రాస్తే భాష నడిచివచ్చిన దారిలో ఒక మెట్టు పోతుంది. ఇదే శాసనాన్ని రేనాటి చోళుల పాలన గురించిన వ్యాసంలో ఉటంకిస్తే నా నిర్ణయం వేరుగా ఉంటుంది. అక్కడ వాదం ఎవరు ఏ సీమను ఏలారన్నదానిమీద ఉంది కనుక ‘రేనాడు’ అన్న నేటి రూపం చాలు, లిప్యంతరీకరణ అక్కరలేదు. అయితే ‘ఎరికల్ముత్తురాజు’ను విడగొట్టి అర్థం చెప్పకుండా పేరుగానే ఉంచాలి. శాసనం ఒకటే అయినా దాన్ని పిలిచిన పని వేరు, అందుకే అనువాదమూ వేరు.

ఆ శాసనంలోనే ఇంకో సంగతి ఉంది. పేర్ల తర్వాత ‘పంపు’, అంటే ఆజ్ఞ, అన్న మాట వస్తుంది. అచ్చయిన పాఠంలో దాని మొదటి అక్షరం కుండలీకరణాల్లో కనిపిస్తుంది. ఆ తర్వాతి పంక్తులు చాలావరకు శిథిలం. ఎపిగ్రాఫియా ఇండికా వంటి సంపుటాల్లో ఈ గుర్తులకు ఒక కట్టుబాటు ఉంది. అరిగిపోయి అనుమానంగా ఉన్న అక్షరాలకు చదరపు కుండలీకరణాలు, చెక్కినవాడి తప్పును దిద్దితే గుండ్రనివి, పూర్తిగా పోయినచోట చుక్కలు, చదివినవారు తమంతట చేర్చినదానికి నక్షత్రం. తెలుగు పత్రికలో వ్యాసం అచ్చయ్యేసరికి ఈ గుర్తులు చాలాసార్లు రాలిపోతాయి. ఊహించి చేర్చిన అక్షరం రాతిమీదే ఉన్నట్టు కనబడుతుంది. దాన్ని అలాగే ఇంగ్లీషు చేస్తే ఊహ కాస్తా వాస్తవమై ఇంకో భాషలోకి పోతుంది, అక్కడినుంచి ఇంకొకరు ఉటంకిస్తారు. అందుచేత అనువాదకుడి మొదటి పని నిఘంటువు తెరవడం కాదు. ఉటంకింపును మూల ప్రచురణతో అక్షరం అక్షరం పోల్చి చూసి, రాలిన గుర్తులను ఇంగ్లీషు వాక్యంలో వాటి చోట్లకు తిరిగి చేర్చాలి. ఈ శాసనానికి వ్యాసాల్లో సాధారణంగా ఇచ్చే క్రీ.శ. 575 కూడా ఇలాంటిదే. శాసనంలో తేదీ లేదు, అది లిపినిబట్టి కట్టిన కాలం. వ్యాసకర్త ఆ సంవత్సరాన్ని ఉటంకింపు పక్కనే రాస్తే, ఇంగ్లీషు పాఠకుడు రాతిమీద ఉందనుకునే ప్రమాదం ఉంది. అనువాదకుడి మాటలో ఒక్క వాక్యం దీనికి సరిపోతుంది.

ఇక శైలి. పాత తెలుగుకు పాత ఇంగ్లీషు సరిజోడీ అన్నది చాలామందికి తోచే మొదటి ఆలోచన. కింగ్ జేమ్స్ బైబిల్ నాటి ‘దౌ’, ‘హాత్’ పోసి వాక్యాన్ని ముసలిదాన్ని చేస్తారు. దీనిమీద నాకున్న అభ్యంతరం అభిరుచికి సంబంధించింది కాదు. ఆ ఇంగ్లీషు 17వ శతాబ్దపు ఇంగ్లండునూ చర్చినీ గుర్తుకు తెస్తుంది, రేనాటినీ కాకతీయులనూ కాదు. పైగా శాసనం చెక్కిన రోజున అది పాత భాష కాదు. ఊరివాళ్ల ముందు పెట్టిన దస్తావేజు అది. ఈ కాలంలో దానికి దగ్గరగా వచ్చేది రిజిస్ట్రారు ఆఫీసు భాష: పొడుగు వాక్యం, కట్టుబడ్డ పదాల వరుస, ఒకసారి అన్న మాటనే మళ్లీ అనడం. ఇంగ్లీషులోనూ దస్తావేజు భాష ఉంది. అది ఇప్పటిదే, కానీ సంభాషణలా ఉండదు. ‘ఆచంద్రార్కం’ అన్న మాటను ‘శాశ్వతంగా’ అని తేల్చేయకుండా చంద్రుడూ సూర్యుడూ ఉన్నంతకాలం అని విప్పి చెప్పినా ఆ భాషలో ఎబ్బెట్టు అనిపించదు.

శాపవాక్యాల దగ్గర ఈ పద్ధతికి గట్టి పరీక్ష ఎదురవుతుంది. దానాన్ని చెడగొట్టినవాడు గంగ కరుతను కవిలను చంపిన పాపాన పోతాడన్న మాట తెలుగు శాసనాల్లో అనేక రూపాల్లో కనిపిస్తుంది. కరుత అంటే ఒడ్డు, కవిల అంటే కపిల గోవు. ఇంగ్లీషులో ‘బ్రౌన్ కౌ’ అంటే పాడిపశువుల సంత గుర్తొస్తుంది, శాపం గుర్తురాదు. కపిల అన్న సంస్కృత రూపాన్నే పెడితే శాసనం వాడిన తెలుగు మాట పోతుంది. నేనైతే ‘కవిల’ను అలాగే ఉంచి, పక్కనే గోవు అన్న ఇంగ్లీషు మాటను కలిపేస్తాను, రంగు సంగతి అనువాదకుడి మాటకు వదిలేస్తాను. ఎందుకంటే ఇక్కడ వాక్యం పని భయపెట్టడం, రంగు దానికి అవసరం లేదు. ‘పంచమహాపాతకాల’ విషయంలో మాత్రం అనువాదకుడి మాటను తప్పించుకోలేం. ఇంగ్లీషు పాఠకుడికి తెలిసిన మహాపాపాల పట్టిక క్రైస్తవానిది, అందులో ఏడు ఉంటాయి, గర్వం, అసూయ వంటివి. ఇక్కడ ఐదు: బ్రహ్మహత్య, సురాపానం, బంగారం దొంగిలించడం, గురుపత్నీ గమనం, ఈ పనులు చేసినవారితో సహవాసం. చెప్పకపోతే పాఠకుడు తనకు తెలిసిన పట్టికను ఇక్కడ అతికించుకుంటాడు.

తేదీలూ కొలతలూ ఇంత లోతుకు తీసుకువెళ్లవు గానీ తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. గణపతిదేవుడి మోటుపల్లి అభయశాసనం శకం 1166, క్రోధి సంవత్సరానిది. గడిచిన శక సంవత్సరానికి 78 కలిపితే 1244 వస్తుంది. కానీ మన ఏడాది ఉగాదికి మొదలవుతుంది కనుక నెల చూడకుండా 1244 అని ఒక్క అంకె వేయడం తొందరపాటు, 1244-45 అనాలి. క్రోధి పేరు ఆ లెక్కకు తాళం. అరవై ఏళ్లకోసారి తిరిగివచ్చే ఆ పేరే మొన్న 2024 ఉగాదికీ వచ్చింది, నడుమ సరిగ్గా 780 ఏళ్లు, అంటే పదమూడు ఆవృత్తులు. సంవత్సరం పేరు అంకెతో పొసగకపోతే చదివిన అంకెనైనా, శకం గడిచిందా నడుస్తోందా అన్న లెక్కనైనా అనుమానించాలి. భూమి కొలతల్ని ఎకరాల్లోకి మార్చనే కూడదు. ఇరవై తూముల పుట్టి ధాన్యపు కొలత. పుట్టెడు నేల అంటే పుట్టెడు గింజలు చల్లే నేల. ఎకరాల్లోకి మార్చితే లేని కచ్చితత్వం వచ్చిపడుతుంది.

ఇదంతా పాఠకుడి దారికి అడ్డం కాదా అని అడగవచ్చు. వ్యాసకర్త ఉటంకింపు కిందే తాత్పర్యం ఇస్తాడు కదా, దాన్నే అనువదిస్తే పోలేదా? తాత్పర్యాన్ని తప్పక అనువదించాలి, కానీ దాన్ని శాసనం స్థానంలో కూర్చోబెట్టకూడదు. తాత్పర్యం వ్యాసకర్త చదివిన తీరు. సాక్షినీ వకీలునూ ఒకే బోనులో నిలబెడితే వాదాన్ని ఎవరూ పరీక్షించలేరు. ఇంగ్లీషు పాఠకుడికి తెలుగు రాదు కనుక అతనికి ఆ రెండూ విడివిడిగా కనబడటం తెలుగు పాఠకుడికన్నా ఎక్కువ అవసరం. ఇంకో ప్రశ్న కొంచెం బరువైనది: మోటుపల్లి వంటి శాసనాలకు పండితుల ఇంగ్లీషు అనువాదాలు ఎప్పటినుంచో ఉండగా కొత్తది ఎందుకు? ఉన్నది బాగుంటే ఎవరిదో చెప్పి వాడుకోవడమే మర్యాద. అయితే ఆ పాత అనువాదం వెనక ఉన్న చదువూ, వ్యాసకర్త చదువూ ఒకటేనా అని చూసుకోవాలి. వ్యాసకర్త ఒక మాటకు కొత్త అర్థం చెప్పి దానిమీదే వాదం కడుతుంటే, పాత అనువాదాన్నే వాడటం వల్ల వ్యాసం తనకు తానే అడ్డం తిరుగుతుంది.

ఇక వ్యాసకర్తే తప్పుగా ఉటంకిస్తే? అచ్చయిన పాఠంలో ‘ఏళన్’ అని ఉంటే వ్యాసంలో ‘ఏలగా’ అని ఉందనుకోండి. దిద్దేసి నోరు మూసుకోవడం తేలిక, కానీ అప్పుడు ఇంగ్లీషు పాఠకుడు వ్యాసకర్త రాయని వ్యాసాన్ని చదువుతాడు. వ్యాసంలో ఉన్నదే అనువదించి, మూలంలో ఏముందో ఆ పుట అడుగునే చెప్పాలి. అర్థం మారకపోతే ఒక్క ముక్కలో తేల్చవచ్చు. వాదమే ఆ రూపంమీద ఆధారపడి ఉంటే, అచ్చుకు పంపకముందే వ్యాసకర్తకు ఉత్తరం రాయాలి.