చట్టంలో లేని ‘మాత్రమే’

‘దళితులు కవిత్వం రాస్తున్నారు’ అనేది ఒక సమాచారం. ‘దళితులు కూడా కవిత్వం రాస్తున్నారు’ అంటే కవిత్వానికి అసలు హక్కుదారులు వేరే ఉన్నారనీ, వీళ్ళు తర్వాత వచ్చి చేరారనీ అర్థం. ‘దళితులు కవిత్వం కూడా రాస్తున్నారు’ అంటే సంగతి మారిపోయింది. వాళ్ళు చాలా పనులు చేస్తారు, అందులో ఇదొకటి. ‘కూడా’ ఒక్క మాట అవతలకి జరిగింది, అంతే. మాట చెప్పినవాడి లోకం ఎలా ఉందో బయటపడింది. ‘దళితులు సైతం’ అన్నవాడి లోకమైతే ఇంకా బాగా తెలుస్తుంది, చెప్పక్కర్లేదు.

సాహిత్య విమర్శలో ఈ చిన్నమాటల మీద మనం గొడవ పడుతూనే ఉన్నాం. కానీ ఒక మాట ఎక్కడ చేరిందన్న దాన్నిబట్టి ఒక మనిషికి న్యాయం దొరకడమో దొరక్కపోవడమో జరిగే చోటు వేరే ఉంది. అది కోర్టు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని చదివే పద్ధతిని ఇక్కడ పరిశీలిద్దాం.

1989లో చేసిన ఈ చట్టంలో మూడో సెక్షన్, రెండో సబ్ సెక్షన్‌లో అయిదో క్లాజు ఉంది. పదేళ్ళు, అంతకు మించి శిక్ష పడే నేరాన్ని, బాధితులు ఎస్సీ లేదా ఎస్టీ అన్న కారణంతో ఆ కులాలకు చెందనివాడు చేస్తే యావజ్జీవం, జరిమానా అని ఆ క్లాజు చెప్పింది. మొదటి పాఠంలో ఉన్నది ‘అన్న కారణంతో’. ‘అన్న కారణంతో మాత్రమే’ అని లేదు. ‘కారణంతో కూడా’ అనీ లేదు. కారణం ఉండాలన్నారు గానీ అదొక్కటే ఉండాలని అనలేదు. చట్టం చేసినవాళ్ళు ‘మాత్రమే’ రాయదల్చుకుంటే రాయలేనంత పెద్దమాట కాదు గదా అది.

రాయని ఆ మాట తీర్పుల్లోకి ఎలా నడిచొచ్చిందో చూడ్డానికి మధ్యప్రదేశ్ నుంచి వెళ్ళిన ఖుమాన్ సింగ్ కేసు మంచి ఉదాహరణ. 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చనిపోయినాయన ఖంగార్ కులస్థుడు. నిందితుడు ఠాకూర్. గేదెల్ని తోలేసిన దగ్గర గొడవ మొదలైంది. ఖంగార్‌వై ఉండి ఠాకూర్ పశువుల్ని ఎలా తోలతావని నిందితుడు కులం పేరెత్తి తిట్టాడని సాక్ష్యం. గొడ్డలి దెబ్బకు మనిషి పోయాడు. మరి అయిదో క్లాజు సంగతేమిటి? చనిపోయిన మనిషి ఎస్సీ అన్న కారణంతో మాత్రమే ఈ నేరం జరిగిందనడానికి సాక్ష్యం లేదని కోర్టు తేల్చింది. ఆ క్లాజు కింద పడిన శిక్ష పోయింది.

ఈ ఒక్క కేసులో మూడు చిన్నమాటలూ ఉన్నాయి. నిందితుడన్నట్టు సాక్ష్యంలో ఉన్న మాటలో ‘సైతం’ ఉంది. ఆ మాటని మన ఊళ్ళోకి తెచ్చుకుంటే ‘నువ్వు కూడా నా గేదెల్ని తోలేవాడివయ్యావురా?’ అవుతుంది. ఈ ‘కూడా’ చేర్చడానికి అర్థం కాదు, మెట్టు చూపించడానికి. ఎవరైనా తోలొచ్చునేమో, నువ్వు సైతం తోలడమా అని. ఇక జరిగిన వాస్తవం రెండో అర్థంలో ‘కూడా’. గేదెల గొడవా కారణమే, కులం కూడా కారణమే. కోర్టు చదివింది మాత్రం ‘మాత్రమే’. గేదెల గొడవ కనిపించింది కాబట్టి కులం తప్పుకుంది. నిజానికి గేదెల గొడవని గొడ్డలి దాకా తీసుకుపోయింది ఏదని అడగాలి. పశువుల్ని ఎదుటివాడు అదిలించడం ఊళ్ళో రోజూ జరిగేదే. అదిలించినవాడు ఫలానా కులంవాడు కావడం వల్ల అది అవమానంగా కనిపించింది. కులం ఇక్కడ గొడవ పక్కన నిలబడిన ఇంకో కారణం కాదు, గొడవని ఆ రూపంలో గొడవగా చేసిన కారణం.

తర్కంలో జరిగే జారుడు ఎక్కడుందో విడదీసి చూద్దాం. మొదటి వాక్యం: ‘కులం వల్ల మాత్రమే జరిగిందనడానికి సాక్ష్యం లేదు’. ఇది నిజం కావచ్చు. ఏ నేరానికైనా ఒకే ఒక్క కారణం ఎక్కడుంటుంది? రెండో వాక్యం: ‘కులం వల్ల జరిగిందనడానికి సాక్ష్యం లేదు’. ఇది వేరే మాట. మొదటిదాన్ని రుజువు చేసి రెండోదాని ఫలితం తీసుకుంటున్నారు. ‘కులం వల్ల మాత్రమే కాదు’ అన్నది ‘కులం వల్ల కాదు’ అయిపోతోంది. మధ్యలోంచి ‘మాత్రమే’ జారిపోయిన సంగతి చదివేవాళ్ళకి తెలియదు. ముందు అడక్కుండా వచ్చింది, తర్వాత చెప్పకుండా పోయింది.

దీని చుట్టం ఇంకోటి ఉంది. ‘అంత మాత్రాన’. రామ్‌దాస్ కేసులో (మహారాష్ట్ర, 2006) సుప్రీంకోర్టు, బాధితురాలు ఎస్సీ అయినంత మాత్రాన ఈ చట్టం వర్తించదంది. విడిగా చూస్తే ఈ మాటలో తప్పు పట్టలేం. దళితుడి మీద జరిగిన ప్రతి నేరమూ కులనేరం అని ఎవరూ అనడం లేదు. కానీ ఈ ‘అంత మాత్రాన చాలదు’ని ‘అది తప్ప వేరేది ఉండకూడదు’తో కలిపి చూడండి. కులం ఒక్కటే కనిపిస్తే చాలదు, కులంతో పాటు ఇంకోటి కనిపిస్తే చెల్లదు. ఈ రెండు తలుపుల మధ్య దళితుడు నిలబడేది ఎక్కడ?

ఖైర్లాంజీలో జరిగిందీ ఇదే తీరు. మహారాష్ట్ర భండారా జిల్లాలో 2006 సెప్టెంబర్ 29న భోత్‌మాంగే కుటుంబంలో నలుగుర్ని చంపారు. 2008లో విచారణ కోర్టు, 2010లో హైకోర్టు హత్యానేరానికి శిక్షలు వేశాయి గానీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదన్నాయి. వేరే కేసులో సాక్ష్యం చెప్పినందుకు పగబట్టారట, కాబట్టి కులం కాదట. ఒక దళిత స్త్రీ సాక్ష్యం చెప్పడాన్ని ఊరు ఊరంతా అంత తల తీసేసే సంగతిగా ఎందుకు తీసుకుందన్న ప్రశ్న ‘పగే’ అన్న మాటలోని ఏత్వం కింద సమాధి అయింది.

ఇక్కడే మన భాష సంగతి రావాలి. ఇంగ్లీషులో ‘మాత్రమే’కి విడిగా ఒక మాట ఉంది, అది చేరితే కంటికి కనిపిస్తుంది. తెలుగులో ఒక్క ఏత్వం చాలు. ‘మాదిగోడివని కొట్టారు’, ‘మాదిగోడివనే కొట్టారు’. రెండోది మన నోట మామూలుగా వస్తుంది. బాధలో ఉన్న మనిషి నొక్కి చెప్పడానికి ఏత్వం వాడతాడు. ‘నిజంగా ఇందుకేనయ్యా’ అని ఆయన భావం. ఇంకే కారణమూ లేదని కాదు. ఒకే ఏత్వం తెలుగులో రెండు పనులు చేస్తుంది. ఒకటి నొక్కడం, రెండోది మిగతావాటిని తోసెయ్యడం. ఏ పని చేస్తోందో గొంతు చెబుతుంది, కాగితం చెప్పదు.

ఇలా జరిగిందనుకుందాం. స్టేషన్‌లో ఒకాయన ‘మాదిగోడిననే కొట్టారండి’ అని చెప్పాడు. అలాగే రాశారు. కోర్టులో ఎదుటి వకీలు ‘నీకూ ఆయనకూ గట్టు తగాదా ఉందా లేదా?’ అని అడిగాడు. ‘ఉందండి’ అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. కానీ ‘నే’ని ‘మాత్రమే’గా చదివినవాళ్ళకి మొదటిమాట ఇప్పుడు అబద్ధమైపోయింది. అదే మొదటి వాంగ్మూలంలో ‘గట్టు తగాదా ఉంది, మాదిగోడివి నన్నే ఎదిరిస్తావా అని కొట్టాడు’ అని రెండూ ఉంటే, గట్టు తగాదా ఉందని ఒప్పుకోవడం వల్ల ఏ మాటా కూలిపోదు. ఫిర్యాదు రాసిపెట్టే మన కుర్రాళ్ళు, వకీళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. తగాదాని దాచి ఏత్వం పెట్టడం కంటే, తగాదాని చెప్పి నిందితుడన్న మాటని అన్నట్టుగా రాయడం మేలు. అన్నట్టుగా అంటే ఏ మాట, ఎవరి ముందు, ఏ వరసలో అని.

వాక్యంలో దొంగ ‘మాత్రమే’ ఉందో లేదో పట్టుకోవడానికి ఒక ప్రశ్న చాలు. ఇంకో కారణం చూపిస్తే ఈ వాక్యం అబద్ధమవుతుందా? అవుతుందంటే ‘మాత్రమే’ ఉన్నట్టు. చట్టం వాక్యాన్ని ఇలా అడగండి, అబద్ధం కాదు. తీర్పు వాక్యాన్ని అడగండి, అవుతుంది. ఆ తేడాయే బయట్నుంచి వచ్చి చేరింది.

ఈ చదువుని తప్పుపట్టినవాళ్ళు న్యాయస్థానంలోనే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన పఠాన్ జమాల్ వలీ కేసులో 2021లో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం తీర్పిచ్చింది. 2011లో పుట్టు అంధురాలైన ఒక దళిత యువతిపై అత్యాచారం జరిగింది. ఆమె మీద నేరం స్త్రీ అయినందుకా, చూపు లేనందుకా, దళితురాలైనందుకా? మూడింటినీ విడదియ్యడం కుదరదని కోర్టు చెప్పింది. కులం ఒక్కటే కారణం కావాలంటే ఇలాంటి స్త్రీలకు చట్టం ఎప్పటికీ అందదని, ‘మాత్రమే’ అన్నది క్లాజులో లేదని గుర్తుచేసింది. అయితే ఆ కేసులో కులం ఒక కారణమని చూపే విడి సాక్ష్యం లేదంటూ ఆ క్లాజు కింద పడిన శిక్షని కొట్టేసింది. అత్యాచారానికి పడిన యావజ్జీవం నిలిచింది. ‘మాత్రమే’ని తీసేస్తే దారి తెరుచుకుంటుందే గానీ రుజువు దానంతటది రాదు. ‘కూడా’కీ సాక్ష్యం కావాలి.

2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణ ఆ క్లాజులో ‘అన్న కారణంతో’ని తీసేసి ‘అని తెలిసి’ అని పెట్టింది. బాధితుణ్ణో అతని కుటుంబాన్నో నిందితుడు ఎరిగివుంటే కులం తెలుసనే కోర్టు అనుకుంటుంది, కాదని అతనే చూపించుకోవాలి. ‘తెలిసి’కి ‘మాత్రమే’ తగిలించడం కష్టం. మంచిదే. కానీ ఆ తేదీకి ముందరి నేరాలకు పాత పాఠమే వర్తిస్తుంది. పైగా పాత చదువు వేరే క్లాజుల్లో కాపురం పెట్టింది. 2020లో ఉత్తరాఖండ్‌కు చెందిన హితేష్ వర్మ కేసులో, కులం పేరుతో అవమానించారన్న ఆరోపణని సుప్రీంకోర్టు భూమి తగాదాగా చూసింది. అవమానం నాలుగు గోడల మధ్య జరిగిందన్నది ఒక కారణం. భూమి హక్కు మీద తగాదా ఉంది గనక కులం వల్ల అవమానించినట్టు కాదన్నది ఇంకో కారణం. ఈ రెండోదాంట్లో ‘మాత్రమే’ అని పైకి లేదు గానీ పని అదే చేసింది. ఈ దేశంలో దళితుడికి భూమి తగాదా కులం అంటకుండా ఎక్కడ వస్తుందో చెప్పాలి.

మన మీద దాడి జరిగిన ప్రతిసారీ గట్టో, గేదో, బాకీయో, ప్రేమో, ఓటో ఏదో ఒకటి పక్కన ఉంటూనే ఉంటుంది. కులం ఎప్పుడూ ఒంటరిగా రాదు. అది ఒంటరిగా వస్తేనే గుర్తుపడతామనేవాళ్ళు దాన్ని ఎప్పటికీ గుర్తుపట్టరు. అందుకే తీర్పులు చదివేటప్పుడు పెద్దమాటల దగ్గర ఆగినట్టే ‘మాత్రమే’ దగ్గర, ‘అంత మాత్రాన’ దగ్గర, ఒంటి ఏత్వం దగ్గర కూడా ఆగి, ఇది చట్టంలో ఉన్నదేనా, చదివినవాళ్ళు తెచ్చుకున్నదా అని అడగడం మన పరిశోధకుల పని.