నాలుగింటి అలారం కోసేది ఏ నిద్రను?

ఇంటర్ చదివే పిల్లలున్న చాలా ఇళ్లలో అలారం నాలుగింటికే మోగుతుంది. తెల్లవారుజామున చదివితే బుర్రకెక్కుతుందని మనమూ వింటూనే పెరిగాం. మా మేనకోడలు పదకొండింటికి పడుకుని నాలుగింటికి లేస్తోంది. "గాఢనిద్ర మొదట్లోనే పట్టేస్తుందటగా మామయ్యా, ఇక ఐదు గంటలు చాలవా?" అని మొన్న అడిగింది. ఆ పిల్ల విన్నది నిజమే. కానీ ఆ నిజం సగమే.

1953 దాకా శాస్త్రవేత్తలు కూడా నిద్రంటే మెదడు మందగించడమేనని అనుకునేవారు. షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ ఎనిమిదేళ్ల తన కొడుకును యంత్రం ముందు పడుకోబెట్టి కళ్ల కదలికలు నమోదు చేశాడు. నిద్రపోతున్న పిల్లవాడి కనుగుడ్లు ఉన్నట్టుండి అటూ ఇటూ పరుగులు తీశాయి. తర్వాత పెద్దవాళ్లను అలాంటి వేళ లేపి అడిగితే, ఎక్కువమంది కల వస్తోందని చెప్పారు. నథానియెల్ క్లైట్‌మన్‌తో కలిసి అతను ప్రకటించిన ఆ కలల నిద్రలో మెదడు దాదాపు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉంటుంది. ఒళ్లు మాత్రం పట్టు సడలి వదులైపోతుంది.

మామూలుగా తేలిక నిద్రతో మొదలై, గాఢనిద్రలోకి దిగి, మళ్లీ పైకి తేలి, కలల నిద్రతో ఒక చక్రం ముగుస్తుంది. సుమారు గంటన్నర పడుతుంది. మా మేనకోడలి రాత్రినే లెక్కేద్దాం. ఇది ఉజ్జాయింపు మాత్రమే. పదకొండుంబావుకు నిద్ర పడితే ఒంటిగంట లోపు చక్రంలో గాఢనిద్ర నలభై నిమిషాలు ఉండవచ్చు, కలల నిద్ర ఐదు నిమిషాలు. రెండో చక్రంలో గాఢనిద్ర అరగంటకు తగ్గి, కలలు పావుగంటకు పెరుగుతాయి. మూడోదానిలో గాఢనిద్ర పది నిమిషాలు, కలలు ఇరవై అయిదు. ఇక్కడికి నాలుగు కావస్తుంది. ఆ తర్వాతి రెండు చక్రాల్లో గాఢనిద్ర దాదాపు ఉండదు; ఒక్కోదానిలో అరగంటకు పైగా కలల నిద్ర, మిగతాదంతా తేలిక నిద్ర. అంటే ఎనిమిది గంటల నిద్రలో మూడు గంటలు కోసినా గాఢనిద్ర దాదాపు పూర్తిగా దక్కింది. కలల నిద్రలో మాత్రం సగానికి పైగా పోయింది.

ఎందుకిలా మారుతుంది? గాఢనిద్ర ఆకలిలాంటిది. మెలకువగా ఉన్న గంటలను బట్టి పెరుగుతుంది, తొలి చక్రాల్లోనే చాలావరకు తీరిపోతుంది. కలల నిద్ర మాత్రం ఒంట్లోని గడియారాన్ని చూసుకుంటుంది. శరీర ఉష్ణోగ్రత తెల్లవారుజామున అట్టడుగుకు దిగుతుంది; ఆ తర్వాతి గంటల్లోనే కలల నిద్రకు వీలు ఎక్కువ. నాలుగింటి అలారం సరిగ్గా ఆ గుమ్మంలోనే మోగుతోంది.

ఏ నిద్ర విలువ ఏమిటో చదువుకునే పిల్లలకు తెలియాలి. గాఢనిద్రలో పెరుగుదల హార్మోను ఎక్కువగా విడుదలవుతుంది, పగలు నేర్చుకున్న విషయాలు స్థిరపడతాయి. తేలిక నిద్ర అంటే చాలామందికి చులకన, కానీ రాత్రిలో సుమారు సగం అదే. అందులో స్పిండిల్స్ అనే చిన్న తరంగాల గుంపులు వస్తుంటాయి. చేతితో సాధన చేసి నేర్చుకునే పనులు పట్టుబడటంలో వాటికి పాత్ర ఉందని ప్రయోగాలు చూపాయి. కలల నిద్ర పని ఇంకా పూర్తిగా తేలలేదు. అయితే మనసును గాయపరిచిన జ్ఞాపకాల పదును తగ్గించడంలో దాని చేయి ఉందన్న వాదనకు బలముంది. పరీక్షల ముందు పిల్లలు చిన్న మాటకే కన్నీళ్లు పెట్టుకుంటుంటే, బెరుకు అని తేల్చేయకుండా ముందు వాళ్ల నిద్ర గంటలు అడగమంటాను.

గంటన్నర లెక్కన అలారం పెట్టుకుంటే సరిపోతుందని కొందరంటారు. నేను నమ్మను. చక్రం డెబ్బై నిమిషాలూ కావచ్చు, రెండు గంటలూ కావచ్చు. ఒకే మనిషిలో ఒకే రాత్రి కూడా మారుతుంది. చేతి గడియారం చూపే దశలూ అంచనాలే. కచ్చితంగా తెలియాలంటే తలకు, కళ్ల పక్కన, గడ్డం కింద తీగలు అతికించి చూడాలి. ఇంట్లో తెలిసే గుర్తు ఒకటుంది: సెలవు రోజు అలారం లేకపోతే రెండు మూడు గంటలు ఎక్కువ పడుకుంటున్నారంటే వారమంతా తక్కువ పడిందని.

తెల్లవారుజామునే చదవాలంటే పడుకునే వేళ ముందుకు జరగాలి, అదీ రోజూ ఒకేలా, ఒంటి గడియారమూ వెంట జరిగేలా. కౌమారంలో ఆ గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది కాబట్టి తొమ్మిదింటికి పడుకోబెడితే వెంటనే నిద్ర రాదు. ఆ వయసుకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. మా మేనకోడలు ఇప్పుడు పదింటికి పడుకుని ఆరింటికి లేస్తోంది. నాలుగింటి చదువును సాయంత్రానికి మార్చింది.