సంచి తూచేముందు పిల్లను అడగండి

ప్రాథమిక పాఠశాలలో సంచి బరువు లెక్క తీయడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. కొక్కెమున్న స్ప్రింగ్ త్రాసు, మనుషులను తూచే మిషను, ఒక సెల్‌ఫోను ఉంటే చాలు. కష్టమంతా వాటిని ఏ వరుసలో వాడాలన్నదే.

ముందు నొప్పి గురించి అడగాలి, ఆ తర్వాతే సంచి తూచాలి. తూచాక "నీ సంచి బరువుగా ఉందిగా, నడుం నొప్పి పుడుతోందా?" అంటే పిల్లలు మేడమ్ మొహం చూసి అవుననేస్తారు. సంచి ఊసెత్తకుండా ఒంటి బొమ్మ గీసిన కాగితం ఇచ్చి, ఈ వారంలో ఎక్కడైనా నొప్పి పుట్టిందేమో రంగు వేయమంటే ఆ జవాబును నమ్మవచ్చు. తూకం సంగతి ముందురోజు చెప్పకూడదు. చెబితే సంచులు ఇంటి దగ్గరే తేలికైపోతాయి. టైంటేబుల్‌ను బట్టి బరువు మారుతుంది కనుక రెండు మూడు వేర్వేరు రోజుల్లో తూచాలి.

2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం సంచి బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు. మూడో తరగతి పాప 22 కిలోలు, సంచి మూడున్నర కిలోలు అనుకుందాం. అంటే దాదాపు 16 శాతం. ఇక్కడితో ఆగితే నింద పుస్తకాల మీద పడుతుంది. సంచి విప్పి ఒక్కొక్కటీ తూస్తే ఖాళీ సంచి 600 గ్రాములు, నిండు స్టీలు సీసా 1300, అన్నం డబ్బా 500, పుస్తకాలన్నీ కలిపి 1100. బడిలో మంచినీళ్లుంటే ఖాళీ సీసా తెచ్చుకోవచ్చు. ఆ ఒక్క మార్పుతో బరువు రెండున్నర కిలోలకు, అంటే 11 శాతానికి దిగుతుంది. విడివిడిగా తూచని సర్వే వల్ల ప్రయోజనం సగమే.

నిలబడే తీరును కొలవడమే అసలు చిక్కు. తల వంచినప్పుడు మెడ అడుగున పొడుచుకొచ్చే ఎముక మీద ఒక స్టిక్కరు, చెవి రంధ్రం ముందున్న చిన్న బుడిపె మీద మరొకటి అంటించి పక్కనుంచి ఫొటో తీయాలి. ఆ రెంటినీ కలిపే గీత అడ్డగీతతో చేసే కోణాన్ని కోణమానినితో చూడాలి. తల ముందుకు సాగేకొద్దీ కోణం తగ్గుతుంది. సంచి లేకుండా ఒకసారి, వేసుకొని అయిదు నిమిషాలు నడిచాక ఒకసారి కొలవాలి. ఫోను ఎత్తు, దూరం మారకూడదు. అదే ఫొటోను ఇద్దరు విడివిడిగా కొలిచినప్పుడు వచ్చే తేడా, సంచి వల్ల వచ్చిన తేడా అంత ఉంటే ఆ అంకెకు విలువ లేదు.

ఒకవేళ కోణం నిజంగానే తగ్గినా, నడుం నొప్పికి సంచే కారణమని తేలినట్టు కాదు. 69 అధ్యయనాలను పరిశీలించి 2018లో ప్రచురించిన సమీక్షలో, బడి సంచి వల్ల పిల్లలకు నడుం నొప్పి వస్తుందనడానికి గట్టి ఆధారం కనబడలేదు. సంచి బరువుగా ఉందని పిల్లలు చెప్పడానికీ నొప్పికీ సంబంధం ఉండవచ్చన్న సూచన మాత్రం కొన్నింటిలో ఉంది. అందుకే పట్టికలో శాతం, కోణం పక్కన "నీకు బరువనిపిస్తోందా?" అన్న ప్రశ్నకూ ఒక గడి ఉండాలి. దాన్ని సంచి తూచకముందే, నొప్పి బొమ్మకు రంగు వేయడం అయ్యాక నింపాలి.