రెండు రూపాయల ట్రయల్

మార్చి నెలాఖరున అందరూ పన్ను లెక్కలు తిరగేస్తుంటే, మా ఇంట్లో ఇంకో లెక్క కూడా తేలుస్తాం. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా బ్యాంకు స్టేట్‌మెంటును ఎక్సెల్‌లో దింపుకుని, తేదీల వరుస చెరిపేసి, డెబిట్ మొత్తాల ప్రకారం పేరుస్తాను. తేదీల వారీగా చూస్తే కూరగాయలకూ పెట్రోలుకూ మధ్య కనపడకుండా నక్కే 299లు అప్పుడు ఒకదాని కింద ఒకటి బారులు తీరుతాయి. నెలా రెండు నెలల స్టేట్‌మెంటు చాలదా అంటారు కొందరు. చాలదు. ఏడాదికోసారి కోసేవి ఆ రెండు నెలల్లో పడకపోవచ్చు.

ఈసారి తెనాలి నుంచి వచ్చిన మా వదిన, "నాదీ చూసిపెట్టవయ్యా" అంది. బడిపంతులమ్మ, పైసా పైసాకీ లెక్క రాసే మనిషి. ఆమె ఖాతాలోనూ 299 ఏడుసార్లు కనిపించింది. ఎదురుగా ఉన్న కంపెనీ పేరు ఆమె ఎన్నడూ విననిది. యాప్ పేరు ఒకటి, డబ్బు తీసుకునే సంస్థ పేరు ఇంకొకటి కావడం మామూలే. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిస్తే గుట్టు తెలిసింది. రెండు నిమిషాల సీరియల్ ముక్కలు చూపించే యాప్ అది. రెండు రూపాయలకు ట్రయల్ అంటే పిన్ కొట్టింది. వారానికే విసుగొచ్చి ఫోన్‌లోంచి తీసేసింది.

"తీసేశాక కూడా ఎలా కోస్తారు?"

యాప్ తీసేస్తే పోయేది ఫోన్‌లోని బొమ్మ మాత్రమే. ఆ రోజు పిన్ కొట్టింది రెండు రూపాయలకు కాదు, మాండేటుకు. అందులో రాసి ఉన్నది గరిష్ఠంగా 999 రూపాయల దాకా, నెలనెలా, ఫలానా సంవత్సరం వరకూ అని. ఆ సంవత్సరం నాటికి వదిన రిటైరై చాలా కాలమవుతుంది. కార్డుకు కట్టిన మాండేటైతే కార్డు గడువు తీరినప్పుడైనా తెగే అవకాశం ఉంటుంది. యూపీఐది నేరుగా ఖాతాకే కడతారు కాబట్టి ఆ అదృష్టమూ లేదు.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు కోయడానికి కనీసం 24 గంటల ముందు కబురు రావాలి. వచ్చింది కూడా. మెసేజీల్లో mandate అని వెతికితే ఏడూ దొరికాయి, గ్యాస్ బుకింగుకీ చీరల డిస్కౌంటుకీ నడుమ. 15,000 రూపాయల లోపు మొత్తాలకు ప్రతిసారీ ఓటీపీ అడగరు కాబట్టి ఆ మెసేజీ చదవకపోతే అడ్డుకునేవాళ్లు ఇంకెవరూ లేరు. ఇలా సులువుగా చేర్చుకుని వెళ్లనివ్వని ఎత్తుగడను 2023 నవంబరులో కేంద్రం నోటిఫై చేసిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో ఒకటిగా చేర్చారు. అయినా తగ్గినట్టు నాకైతే కనిపించడం లేదు.

మిగతావి తొందరగానే తేలాయి. పిల్లాడి హోంవర్కు యాప్ నెలకు 199, వాడు ఇంటర్‌కొచ్చినా నడుస్తోంది. స్టేట్‌మెంటులో గూగుల్ పేరే ఉంది గానీ ఏ యాపో లేదు. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల జాబితా చూస్తేనే తెలిసింది. సినిమాల ఓటీటీ ఏడాదికి 1,499. హైదరాబాదులో హాస్టల్లో ఉన్న అమ్మాయి అదే ఓటీటీకి విడిగా కడుతోంది. వాడని పాత ఖాతా డెబిట్ కార్డుకు జీఎస్టీతో కలిపి 236. ఫొటోలు దాచుకునే 130 జోలికి పోలేదు, మూడు నెలలకోసారి పడే ఎస్సెమ్మెస్ ఛార్జీ 17.70 జోలికీ పోలేదు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏటా కోసే 20 రూపాయల్ని చూసి "ఇదీ తీసెయ్" అందామె. రెండు లక్షల ప్రమాద బీమా అది, వద్దన్నాను. మ్యూచువల్ ఫండ్ సిప్, ఇంటి లోను మాండేట్లను ఆటోపే పేజీలో చూసి కంగారుగా నొక్కేసే ప్రమాదమూ ఉంది. ఈఎంఐ తిరిగొస్తే జరిమానా పడుతుంది.

తీసెయ్యడంలో వరుస ముఖ్యం. ముందు యాప్‌లోనో ప్లే స్టోర్‌లోనో సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసి, వచ్చిన ఈమెయిల్ దాచుకోవాలి. ఆ తర్వాతే మాండేటు రివోక్ చేయాలి. మాండేటు ఒక్కటే తెంపితే డబ్బు ఆగుతుంది గానీ కంపెనీ లెక్కల్లో మీరింకా చందాదారే. కొన్నిచోట్ల బకాయి అంటూ ఫోన్లు మొదలవుతాయి. సబ్‌స్క్రిప్షన్ ఒక్కటే ఆపితే పొరపాటునో కావాలనో మళ్లీ లాగడానికి తలుపు తెరిచే ఉంటుంది. ఫోన్‌లో రెండు మూడు యూపీఐ యాప్‌లుంటే అన్నింట్లోనూ ఆటోపే చూడాలి. క్రెడిట్ కార్డుదీ పోస్ట్‌పెయిడ్ బిల్లుదీ ఈ స్టేట్‌మెంటులో విడివిడిగా కనపడవు, వాటిని వేరుగా తిరగెయ్యాల్సిందే.

నెలవారీవి రెండూ కలిపి 498. ఏడాదివి రెండూ కలిపి 1,735, అంటే నెలకు 145 చొప్పున. మొత్తం నెలకు 643 రూపాయలు. అవి ఖాతాలోనే ఉంటే నెలాఖరుకు ఎటో పోతాయని వదినకూ తెలుసు. జీతం పడిన మర్నాడే 600 వెళ్లిపోయేలా అప్పటికప్పుడు ఆర్డీ తెరిపించుకుంది, దానికి కూడా ముందు మాండేటంతా పైనుంచి కిందికి చదివాకే పిన్ కొట్టింది.