చప్పుడు ముందు, బొమ్మ తర్వాత

కర్నూల్లో పొద్దు వాలితే రోడ్ల పక్కన జొన్న రొట్టెల పొయ్యిలు వెలుగుతాయి. మా వీధి మలుపులో ఒక పెద్దమ్మ కూర్చుంటుంది. ఎదురుగా అరిగి నున్నబడిన కడప బండ, దాని మీద రొట్టె తట్టే చప్పుడు. ఆ చప్పుడు కోసమే ఆమె మీద మూడు నిమిషాల చిన్న ఫిల్ము తీద్దామనుకున్నాను. ఫోనుతో తీయడం రెండు సాయంత్రాల పని. కూర్పుకు పదకొండు రోజులు పట్టింది. అందులో మొదటి నాలుగు రోజులు సాఫ్ట్‌వేర్ వెతుక్కోవడానికే పోయాయి.

మా వైపు ఎడిటింగును ‘మిక్సింగ్’ అంటారు. పెళ్ళి వీడియోల నుంచి వచ్చిన మాట అది. తాళి కట్టే ఘట్టం మీద గులాబీ రేకులు రాలడం, వధూవరులు హృదయాకారంలో ఇమిడిపోవడం అంతా మిక్సింగే. టీవీ విలేకరుల దగ్గర వేరే జంట మాటలున్నాయి: బైటు, విజువల్స్. మనిషి మాట్లాడేది బైటు. ఆ మాటల మీద పరిచే దృశ్యాలు విజువల్స్. సినిమా పాఠాల్లో బి-రోల్ అనేది ఈ విజువల్సునే. 16 ఎంఎం ఫిల్ము కాలంలో అతుకులు తెర మీద కనబడకుండా షాట్లను ఒకటి విడిచి ఒకటి ఎ, బి అనే రెండు చుట్టల్లో పేర్చేవారు. చుట్టలు పోయినా పేరు మిగిలింది.

సీమవాళ్ళకు ఈ విద్య కొత్తదేమీ కాదు. ‘మల్లీశ్వరి’ తీసిన బి.ఎన్. రెడ్డిది కడప జిల్లా. ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డిది తాడిపత్రి. ఏ సన్నివేశం ఎన్ని నిమిషాలుండాలో ముందే లెక్క తేల్చుకొని గాని కె.వి. రెడ్డి షూటింగుకు దిగరని పేరు. 1957 నాటి ఆ సినిమాకు కూర్పు చేసింది సి.పి. జంబులింగం, జి. కళ్యాణసుందరం. వాళ్ళ చేతిలో ఉన్నది 35 ఎంఎం ఫిల్ము, అంటే నిమిషానికి తొంభై అడుగులు. తప్పు కోస్తే మళ్ళీ అతికించాలి. మనకు కంట్రోల్ జెడ్ ఉంది కాబట్టి కోయడానికి భయం లేదు. అందుకేనేమో ఎక్కడ కోయాలో ఆలోచించడం కూడా తగ్గింది.

సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే, ఏది గొప్పదని కాదు, నీ లాప్‌టాప్ ఏది మోయగలదని అడగాలి. నేను మొదట పేరున్న డావిన్సీ రిజాల్వ్ వేసుకున్నాను. దాని ఉచిత వెర్షన్ కూడా నిజంగానే గట్టిది. వాటర్‌మార్క్ పడదు, 4కె దాకా వీడియో ఇస్తుంది, రంగులు దిద్దడంలో దానికి సాటి లేదు. కానీ దానికి 16 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. నాది 4 జీబీ పాత యంత్రం. ప్లే నొక్కితే పెద్దమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయేది. ఇంకో సాఫ్ట్‌వేర్ దొంగ కాపీని ‘ఫ్రీ’ అంటూ తెలిసినవాళ్ళు పెన్‌డ్రైవులో ఇస్తే అదీ వేసుకున్నాను. దానితోపాటు వైరస్ వచ్చి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయ్యాయి. చివరకు షాట్‌కట్ దగ్గర స్థిరపడ్డాను. ఇది ఓపెన్ సోర్స్, పూర్తిగా ఉచితం. కెడెన్‌లైవ్ కూడా ఇదే కోవది, కాస్త ఎక్కువ పనిముట్లతో ఉంటుంది. రెండింటిలోనూ ప్రాక్సీ అనే సౌకర్యం ఉంది. కూర్పు చేసేటప్పుడు ప్రతి క్లిప్పుకూ చిన్న సైజు నకలు చూపించి, చివర్లో అసలుదాన్నే వాడుతుంది. షాట్‌కట్‌లో Settings > Proxy > Use Proxy నొక్కాక నా లాప్‌టాప్ ఊపిరి పీల్చుకుంది.

మనవాళ్ళకు ఇంకో పరీక్ష తప్పదు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరే, టైటిల్ పెట్టెలో ‘స్త్రీ’, ‘క్ష్మా’ అని టైపు చేసి చూడండి. వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటే దానిలో తెలుగు టైటిళ్ళు వేయలేరు. షాట్‌కట్‌లో మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లతో నాకు అక్షరాలు సరిగానే పడ్డాయి.

ఇక ఫోను పెట్టే చిక్కు. ఫోను కెమెరా సెకనుకు ముప్ఫై ఫ్రేములంటుంది గాని, వెలుతురును బట్టి ఒకసారి ఇరవై ఎనిమిది, ఒకసారి ముప్ఫై తీస్తుంది. అలాంటి క్లిప్పును నేరుగా వాడితే నాలుగైదు నిమిషాలు పోయేసరికి పెదవులొక చోట, మాట ఒక చోట ఉంటాయి. తప్పు మైకుదనుకొని నేను ఒక పూటంతా మైకును తిట్టుకున్నాను. క్లిప్పు తెరవగానే షాట్‌కట్ హెచ్చరించి మార్చుకొమ్మంటుంది. మార్చుకోవాలి. ffmpeg తెలిసినవాళ్ళు ఈ ఒక్క వరసతో కూడా చేసుకోవచ్చు:

```
ffmpeg -i rotte.mp4 -vf fps=30 -c:v libx264 -crf 18 -c:a aac rotte30.mp4
```

రాత్రి షాట్లలో ఇంకొకటి తేలింది. పక్క కొట్టు ట్యూబులైటు వెలుగులో బొమ్మంతా అలలు అలలుగా కదిలింది. మన కరెంటు 50 హెర్ట్‌జ్ గనుక ఫోను ప్రో మోడ్‌లో షట్టరు 1/50 గానీ 1/100 గానీ పెడితే ఆ అలలు పోతాయి. ఇది తీసేటప్పుడే చూసుకోవాలి. కూర్పులో దిద్దడం దాదాపు కాని పని.

ఇప్పుడు అసలు పని. పెద్దమ్మ పదకొండు నిమిషాలు మాట్లాడింది. నేను మొదట చేసిన పొరపాటు అందమైన బొమ్మలు ముందు పేర్చి, వాటికి మాటలు అతికించబోవడం. ఏదీ కుదర్లేదు. రెండోసారి తిరగేశాను. బైటు మొత్తం టైమ్‌లైన్ మీద పరిచి, తెర చూడకుండా కళ్ళు మూసుకొని విన్నాను. వద్దన్న చోట S నొక్కితే క్లిప్పు తెగుతుంది. X నొక్కితే ఆ ముక్క పోయి వెనకవి ముందుకు జరుగుతాయి. అలా పదకొండు నిమిషాలు ఒక నిమిషం యాభై సెకన్లయ్యాయి. రేడియోలో వినగలిగేలా ఉంటే కూర్పు సగం అయినట్టే.

అక్కడ చెవి పట్టుకునే తప్పొకటి ఉంటుంది. వెనక ఆర్టీసీ బస్సు హారన్ మోగుతుండగా కోశాననుకోండి, హారన్ సగంలో తెగుతుంది. చూసేవాళ్ళకు ఏం జరిగిందో తెలియదు గాని ఏదో తెగిందని తెలుస్తుంది. నేను రెండు మంచి వాక్యాలు ఈ హారన్ల కోసమే వదిలేశాను. మిగతా చోట్ల నన్ను కాపాడింది ముప్ఫై సెకన్ల ‘ఖాళీ’ రికార్డింగ్. ఎవరూ మాట్లాడకుండా ఆ వీధి రొద మాత్రం రికార్డు చేసి పెట్టుకున్నాను. దాన్ని మాటల కింద సన్నగా పరిస్తే అతుకుల మధ్య గొయ్యి పూడిపోతుంది.

ఇక బొమ్మ. మాటల్లో ముక్కలు తీసేసిన ప్రతి చోటా పెద్దమ్మ తల ఉన్నట్టుండి అటో ఇటో గెంతుతుంది. దీన్నే జంప్ కట్ అంటారు. దాన్ని కప్పడానికి విజువల్ వేస్తాం. కప్పడం ఒక్కటే దాని పని అయితే మాత్రం ఆ విజువల్ వృథా. “పిండి కాగిన నీళ్ళతోనే కలపల్ల నాయనా, లేకుంటే అంచులు పగుల్తాయి” అంటుందామె. ఆ మాట మీద కాగే నీళ్ళు చూపిస్తే చెప్పిందే చెప్పినట్టు. నేను వేసింది పగిలిన అంచును బొటనవేలితో నొక్కి మళ్ళీ కలిపే షాటు. ఆమె చెప్పనిది అందులో ఉంది. జొన్న పిండికి గోధుమ పిండిలా సాగే గుణం లేదు, అది నిలబడేది వేళ్ళ నేర్పు మీదే.

రొట్టెల పని కెమెరాకు ఒక వరం. ఆమె ఒక సాయంత్రం వంద రొట్టెలు చేసినా, అన్నిటికీ అదే వరస: ముద్ద, తట్టుడు, పెనం, పైన తడిగుడ్డ, తిరగేయడం, నిప్పు మీద పొంగడం. మొదటి రొట్టెను దూరం నుంచి, రెండోదాన్ని చేతుల దగ్గర నుంచి, మూడోదాన్ని పైనుంచి తీస్తే ఒక్క ఫోను మూడు కెమెరాల పని చేస్తుంది. ప్రతి షాటూ పని మొదలుకాక ముందు మూడు సెకన్లు, అయ్యాక మూడు సెకన్లు అదనంగా తీయాలి. ఆ అంచులు లేకపోతే కోయడానికి చోటుండదు.

కట్ ఎక్కడ పెట్టాలన్నది తిరగేసే షాటు దగ్గర అర్థమైంది. రొట్టె పెనం మీద పడ్డాక కోసి దగ్గరి షాటుకు వెళ్తే అతుకు కొట్టొచ్చినట్టు కనబడింది. రొట్టె గాల్లో ఉండగానే కోసి, దగ్గరి షాటులో అది పడే క్షణం నుంచి మొదలుపెట్టాను. కన్ను కదలిక వెంట పోయింది గాని అతుకు వెంట పోలేదు. ఐదారు ఫ్రేములు ఇటూ అటూ జరిపి చూసుకోవాలి. షాటు మారిన చోట కదలిక ఒక్క వెంట్రుకవాసి మళ్ళీ జరిగినట్టుంటే రెండు ఫ్రేములు ఎక్కువున్నట్టు.

నడక విషయంలో తట్టుడు చప్పుడు నన్ను మోసం చేసింది. ప్రతి దెబ్బకూ ఒక కట్ వేశాను, పాటలా ఉంటుందని. చూస్తే పాన్ మసాలా ప్రకటనలా ఉంది. తర్వాత ఒక్కో షాటును నాలుగైదు సెకన్లు ఉంచాను. దూరపు షాటులో చూడాల్సినవి ఎక్కువ గనుక దానికి ఇంకాస్త సమయం, వేళ్ళ షాటుకు తక్కువ. నిప్పు మీద రొట్టె పొంగే షాటు దగ్గర మాత్రం మాటలన్నీ ఆపేసి, ఏ కట్టూ లేకుండా తొమ్మిది సెకన్లు వదిలాను. అది పొంగడానికి అంత సేపు పడుతుంది మరి. సంగీతం ఎక్కడా వేయలేదు. సినిమా మొదట్లో తెర నల్లగా ఉండగానే ఒక సెకను ముందు బండ మీద చప్పుడు వినిపిస్తుంది, ఆ తర్వాతే చేతులు కనబడతాయి. షాట్‌కట్‌లో క్లిప్పు నుంచి శబ్దాన్ని విడదీసి ముందుకు లాగితే అయిపోతుంది. ఎడిటర్లు దీన్ని జె కట్ అంటారు.

అయిపోయిందనుకొని లాప్‌టాప్ తీసుకెళ్ళి పొయ్యి పక్కనే కూర్చొని ఆమెకు చూపించాను. ఫైల్సన్నీ లాప్‌టాప్‌లోనే ఒకే ఫోల్డర్‌లో ఉంచడం మరిచిపోతే అక్కడే పరువు పోయేది. ప్రాజెక్టు ఫైల్లో వీడియో ఉండదు, ఏ వీడియో ఎక్కడుందో చెప్పే చిరునామాలే ఉంటాయి. పెద్దమ్మ మూడు నిమిషాలూ మాట్లాడకుండా చూసింది. తర్వాత వేలు పెట్టి చూపించింది.

“జొన్న రొట్టె అని చెప్తాండా గదా నేను, నువ్వు సజ్జ రొట్టె సూపిస్తాండావే?”

వెనక్కి జరిపి చూశాను. నిజమే. రెండో సాయంత్రం ఎవరో సజ్జ రొట్టెలు అడిగారు. ఆ ఆకుపచ్చ బూడిద రంగు నా కంటికి పొయ్యి నీడలా కనిపించింది. ఇన్ని రోజులు ఆ షాటును ముందుకీ వెనక్కీ తిప్పినా పట్టలేదు. అక్కడే కూర్చొని, మొదటి రోజు తీసిన నాలుగు సెకన్ల జొన్న రొట్టె క్లిప్పును వెతికి, ప్లేహెడ్ అక్కడ పెట్టి B నొక్కాను. కొత్త షాటు పాతదాని మీద సరిగ్గా కూర్చుంది. పెద్దమ్మ ఇంకో ముద్ద తీసుకుంది.