గోడ మందం చూసి పేరు పెట్టాలి

పదో తరగతి చదువుతున్న మా తమ్ముడి కూతురు మొన్న రాత్రి ఒక ఫొటో పంపింది. ఏదో మోడల్ పేపరులోని గుండె పటం. జిరాక్స్ కాగితాన్ని ట్యూబులైటు కింద పెట్టి ఫోనుతో తీసింది. ఎరుపు లేదు, నీలం లేదు, పేర్లూ లేవు. గీతల చివర 1 నుంచి 9 దాకా అంకెలు మాత్రం ఉన్నాయి. “అత్తా, తొమ్మిదీ రాశాను. ఒక్కసారి చూడవా” అని కింద మెసేజి.

చూశాను. ఆరు తప్పులు. కానీ ఆ ఆరూ రెండే పొరపాట్ల నుంచి పుట్టాయి. జంతుశాస్త్రం చెప్పిన ఇన్నేళ్లలో ఆ రెండూ నేను ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు. ‘పటం గీసి భాగాలను గుర్తించుము’ అన్న ప్రశ్నకు పిల్లలు పేర్లున్న చోట్లను కంఠతా పడతారు. చోటు గుర్తుంటుంది, కారణం గుర్తుండదు. పేర్లు చెరిపేసిన పటం ఎదురైతే చెయ్యి ఆగిపోతుంది.

మొదటి పొరపాటు ఎడమా కుడీ. కాగితానికి ఎడమవైపున్న గదుల్ని ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక అని రాసింది. పటంలోని గుండె మనకు ఎదురుగా నిలబడ్డ మనిషిది. ఆ మనిషి కుడిచెయ్యి మన ఎడమచేతి వైపు ఉన్నట్టే, ఆ గుండె కుడి భాగం కాగితానికి ఎడమవైపు ఉంటుంది. ఈ మాట పాఠంలో అందరూ వింటారు, పరీక్షలో సగం మంది మరచిపోతారు. అందుకే నేను వైపును నమ్ముకోమని చెప్పను. కింది గదుల గోడలు చూడమంటాను.

ఆ ఫొటోలో కిందనున్న రెండు గదుల్లో ఒకదాని గోడ పలుచన, రెండోదాని గోడ దానికి మూడింతలు. మందంగా ఉన్నదే ఎడమ జఠరిక. కారణం అది తోయవలసిన దూరంలో ఉంది. కుడి జఠరిక నెత్తురును పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలు, పాదరస మట్టంలో 25 మిల్లీమీటర్ల పీడనం సరిపోతుంది. ఎడమ జఠరిక తల నుంచి కాలి బొటనవేలి దాకా పంపాలి, దానికి 120 దాకా కావాలి. రెండూ ఒక్కో దెబ్బకు పంపే నెత్తురు మాత్రం ఒకటే, సుమారు 70 మిల్లీలీటర్లు. తేడా పరిమాణంలో లేదు, తోపులో ఉంది. ఆ తోపే కండగా గోడలో కనిపిస్తుంది.

ఫోనులో తీసిన పటానికి ఈ గుర్తు మరీ అవసరం. కొన్ని ఫోన్ల ముందు కెమెరా బొమ్మను అద్దంలోలా తిప్పి దాచుకుంటుంది. అంకెలుంటే అవి తిరగబడి కనిపిస్తాయి కాబట్టి తెలిసిపోతుంది. అంకెలు కత్తిరించుకుపోతే? అప్పుడు మందపు గోడ కాగితానికి ఎడమవైపుకు వచ్చేస్తుంది. వైపును బట్టి పేరు పెట్టేవారు నాలుగు గదులూ తప్పు రాస్తారు. గోడను బట్టి పెట్టేవారికి బొమ్మ తిరగబడ్డా పేర్లు సరిగానే ఉంటాయి.

రెండో పొరపాటు పైన. గుండె ముందు భాగం నుంచి లావుపాటి గొట్టం ఒకటి పైకి లేచి, మందపు గోడ వైపుకు ఏటవాలుగా వంగి, రెండుగా చీలుతుంది. ముందుగా కంటబడేది అదే కాబట్టి అమ్మాయి దాన్ని బృహద్ధమని అనుకుంది. దాని వెనకనుంచి వచ్చిన కమానుకు పుపుస ధమని అని పేరు పెట్టింది. ఇక్కడ చూపు చాలదు, పెన్సిలు కావాలి. గొట్టం చీలిన చోట పెన్సిలు మొన పెట్టి వెనక్కి, కిందికి లాగమన్నాను. కాసేపటికి ఫోను చేసింది: “పలుచని గోడ గదిలోకి వెళ్లింది అత్తా!” అంటే అది కుడి జఠరిక నుంచి బయలుదేరిన పుపుస ధమని. రెండుగా చీలడానికి కారణమూ అదే, ఊపిరితిత్తులు రెండు. వెనక కమాను పైనుంచి మెడకూ చేతులకూ మూడు కొమ్మలు లేస్తాయి. అది బృహద్ధమని. ఈ రెండు గొట్టాలూ ఒకదాని ముందు ఒకటి దాటుతాయి కాబట్టి చాలా పటాల్లో బృహద్ధమని మొదలు మరుగున పడిపోతుంది. అక్కడే పిల్లలు దారి తప్పుతారు.

ఆమె రాసిన జవాబులో ఆ తప్పును పట్టించే సాక్ష్యం ముందే ఉంది. బృహత్సిరలు రెండింటినీ సరిగ్గానే గుర్తించింది. ఆమె పెట్టిన పేర్ల ప్రకారం నడిస్తే, ఒళ్లంతా తిరిగి వచ్చిన నెత్తురు ఎడమ కర్ణికలోకి దిగి, ఊపిరితిత్తుల ముఖం చూడకుండానే మళ్లీ ఒంట్లోకి పోతుంది. పేర్లన్నీ రాశాక దారి ఒకసారి నడిచి చూడాలి అనేది ఇందుకే. బృహత్సిరల్లో మొదలుపెట్టి కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తులు, పుపుస సిరలు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, బృహద్ధమని. ఎక్కడైనా ఊపిరితిత్తులు తగలకపోతే ఒక పేరు తప్పినట్టే.

బాణాలు లేని పటంలోనూ దారి ఎటో కవాటాలు చెబుతాయి. కర్ణికకూ జఠరికకూ మధ్యనున్న రెక్కల కొసలు జఠరికలోకి వేలాడుతుంటాయి, సన్నని తాళ్లతో కిందికి కట్టి ఉంటాయి. నెత్తురు ఆ కొసల వైపే పోతుంది. వెనక్కి తన్నితే రెక్కలు మూసుకుంటాయి, అవి కర్ణికలోకి తిరగబడకుండా తాళ్లు పట్టి ఉంచుతాయి. ధమనుల మొదట్లో ఉన్న అర్ధచంద్రాకార కవాటాలు చిన్న జేబుల్లా ఉంటాయి. జేబు నోరు ధమని వైపు ఉంటుంది కాబట్టి వెనక్కి జారిన నెత్తురు జేబును నింపి తనకు తానే తలుపు మూసుకుంటుంది.

కొందరు పిల్లలు తొందరలో కుడి జఠరిక నుంచి ఎడమ జఠరికకు నేరుగా బాణం గీస్తారు. అది చూసినప్పుడు నాకు కోపం రాదు. రోమన్ల కాలపు గాలెన్ కూడా ఆ అడ్డుగోడలో కంటికి కనపడని రంధ్రాలున్నాయని అనుకున్నాడు, వెయ్యేళ్లకు పైగా లోకం అదే నమ్మింది. ఆ గోడలో దారి లేదని, నెత్తురు ఊపిరితిత్తుల మీదుగానే తిరిగి రావాలని 13వ శతాబ్దంలో ఇబ్న్ అల్ నఫీస్ రాశాడు. 1628లో విలియం హార్వీ లెక్క వేసి మరీ చూపించాడు: గుండె అరగంటలో తోసే నెత్తురు ఒంట్లో ఉన్నదానికంటే ఎక్కువ, కాబట్టి అదే నెత్తురు తిరిగి రాక తప్పదు. నేటి అంకెలతో మనమూ వేయవచ్చు. 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 దెబ్బలు, అంటే సుమారు 5 లీటర్లు. ఒంట్లో ఉండేదీ దాదాపు అంతే.

పెన్సిలు దారికి ఒక హద్దుంది. అది ఒక చుక్క నెత్తురు ప్రయాణాన్ని చూపుతుంది కానీ గుండె పనిచేసే తీరును చూపదు. పెన్సిలు ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు నడుస్తుంది. గుండెలో కర్ణికలు రెండూ ఒకేసారి ముడుచుకుంటాయి, ఆపైన జఠరికలు రెండూ ఒకేసారి. రంగుల సంగతీ అంతే. నీలం గీసినచోట నెత్తురు నీలంగా ఉండదు, ముదురు ఎరుపుగా ఉంటుంది. పైగా ధమని అంటే ఎరుపు అని నేర్చుకున్నవారు పుపుస ధమని దగ్గర బోల్తా పడతారు. గుండె నుంచి బయటికి తీసుకుపోయేది ధమని. దానిలో ఏ నెత్తురుందన్నది వేరే ప్రశ్న.

ఆదివారం మా తమ్ముడు మటన్ దుకాణం నుంచి మేక గుండె తెచ్చాడు. పైనున్న గొట్టాలు కోయొద్దని ముందే చెప్పించాను, లేకపోతే కొట్టులో శుభ్రంగా కోసేస్తారు. కమాను మీద మూడు కొమ్మలు వెతకొద్దని అమ్మాయికి చెప్పాను, మేకలో అవి ఒకే మొదలు నుంచి చీలుతాయి. గుండెను రెండు చేతుల మధ్య పట్టుకుని నొక్కి చూసింది. ఒకవైపు మెత్తగా లోపలికి పోయింది, రెండోవైపు గట్టిగా నిలిచింది. తర్వాత ముందున్న గొట్టంలోకి చూపుడువేలు దూర్చింది. వేలికొస మెత్తటి వైపు నుంచి తగిలింది.