ఆనికాయ కింద ఏముంది?

మెడ వెనక నల్లగా, మందంగా చర్మం మారితే అద్దంలో కనిపిస్తుంది. ఎంత రుద్దినా పోదు. ఒంట్లో ఇన్సులిన్ మోతాదు మించినప్పుడు వచ్చే నలుపు అది, మురికి కాదు. దురదైతే రాత్రి నిద్ర పోనివ్వదు. ఈ రెండింటికీ జనం తమంతట తామే డాక్టరు దగ్గరికి వస్తారు. అరికాలి పుండు మాత్రం కనపడదు, నొప్పీ పెట్టదు. అందుకే షుగరున్న వాళ్లెవరొచ్చినా రిపోర్టులు చూడకముందే చెప్పులు విప్పమంటాను.

ఈమధ్య కిరాణా కొట్టాయన ఒకరు వచ్చారు. చాలా ఏళ్లుగా షుగరు. కుడి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, రూపాయి బిళ్లంత ఆనికాయ. దాని మధ్యలో చిన్న నల్ల చుక్క. అది నాకు నచ్చలేదు. ఆనికాయలో నలుపంటే సాధారణంగా లోపల చిట్లి ఎండిన రక్తమే.

ఆయన్ని కళ్లు మూసుకోమని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలి మీద అక్కడక్కడా ఆనించాను.

"ఇంకా మొదలుపెట్టలేదా డాక్టరుగారూ?" అన్నారాయన. అప్పటికే మూడు చోట్ల ఆనించాను.

పాదం పైనా, చీలమండ పక్కనా నాడి బాగానే అందింది. అంటే రక్తం చేరుతోంది, స్పర్శే పోయింది. బ్లేడుతో ఆనికాయను పొరలు పొరలుగా చెక్కితే కింద పుండు బయటపడింది. సన్నటి లోహపు కడ్డీతో లోతు చూశాను. ఎముక తగల్లేదు, చీమూ లేదు. తగిలుంటే దారి వేరు: ఎక్స్‌రే, యాంటీబయాటిక్, ఒక్కోసారి ఆపరేషన్.

ఇలాంటి పుండు మానకపోవడానికి షుగరొక్కటే కారణం అనుకుంటారు. ఆయన ఆయింట్‌మెంట్లు మార్చి మార్చి రాశారు, ఆనికాయలకు అమ్మే పట్టీ కూడా అంటించారు. అందులోని యాసిడ్ చర్మాన్ని ఇంకా తినేస్తుంది, షుగరున్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. అసలు సమస్య నడక. గట్టిపడ్డ చర్మం చెప్పులో చిక్కిన గులకరాయిలా అడుగడుగునా లోపలి కండను నలిపేస్తుంది. నొప్పి తెలిసినవాళ్లు కుంటుతారు, ఆ చోటికి విశ్రాంతి దొరుకుతుంది. ఈయన మామూలుగా నడిచేశారు.

ఈ సంగతి కుష్ఠు రోగుల పాదాల్లో చూసి చెప్పినవాడు వేలూరు సీఎంసీలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్. వాళ్ల పుండ్లకు ఆయన వేసిన పిండికట్టునే మేం షుగరు పాదాలకూ వాడుతున్నాం. పాదానికీ పిక్కకూ అంటుకునేలా వేస్తే బరువు అంతటా పరుచుకుంటుంది. రోగి విప్పుకోలేకపోవడమే దాని బలమని నా నమ్మకం. వారం వారం విప్పి, చూసి, మళ్లీ వేయాలి. రక్తం సరిగా అందని కాలికీ, చీము పట్టిన పుండుకూ ఇది వేయకూడదు.

కిరాణా కొట్టాయనకూ ఈ కట్టే వేశాం. ఏడో వారానికి పుండు మూసుకుంది. కానీ ఎముక ఒత్తిడి అక్కడే ఉంది కాబట్టి ఆనికాయ మళ్లీ వస్తుంది. అప్పుడప్పుడూ వచ్చి చెక్కించుకోవాలి, మెత్తటి ఎంసీఆర్ చెప్పులు వేసుకోవాలి. "కొట్లో చెప్పులా? లక్ష్మీదేవి ఉండే చోటండీ" అన్నారాయన. రోజంతా నిలబడేది అక్కడే. కొట్లో తప్ప బయట తొక్కని జత ఒకటి విడిగా పెట్టుకోమంటే ఒప్పుకున్నారు.